గొడవేమీ జరగలేదు, అయినా దూరమైంది

ఇంట్లో ఎవరైనా పోతే పరామర్శకు పదిమంది వస్తారు. పెళ్ళి విరిగిపోతే పెద్దలు కూర్చుని మాట్లాడతారు. తప్పెవరిదో తేల్చలేకపోయినా, ఆ ఇంటికి కష్టమొచ్చిందని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. పదిహేనేళ్ళ స్నేహితురాలు మెల్లగా ఫోన్లు తగ్గించి, చివరికి పుట్టినరోజు నాటి ఒక్క మెసేజీ దగ్గర ఆగిపోతే ఎవరూ రారు. మనమూ ఎవరికీ చెప్పుకోం. చెబితే ఏమంటారో ముందే తెలుసు: "ఇంత వయసొచ్చి దీనికి బాధపడతావా? ఎవరి సంసారాలు వాళ్ళవి." ఆ మాట విన్నాక బాధకు సిగ్గు కూడా తోడవుతుంది. ఇక రాత్రి దీపాలార్పాక మొదలవుతుంది అసలు ప్రశ్న: నేనేం చేశాను?

మోసం వల్లనో, మాటా మాటా పెరిగో తెగిపోయిన స్నేహాల సంగతి వేరు. వాటికో కారణం ఉంటుంది, కోపగించుకోవడానికి ఒక మనిషి ఉంటుంది. ఇక్కడ చెప్పదలచుకున్నది ఏ గొడవా లేకుండా, ఇద్దరిలో ఎవరూ అనుకోకుండా పలచబడిపోయిన స్నేహం గురించి. ఇందులో పోగొట్టుకున్నదానికంటే, దానికి నేనే కారణమన్న ఆలోచన మనిషిని ఎక్కువకాలం తింటుంది. ఆ ఆలోచన చాలాసార్లు తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే, అసలు దగ్గరితనం ఎలా తయారవుతుందో చూడాలి.

ఒక జంటను తీసుకుందాం. వీళ్ళు అచ్చంగా ఫలానా ఇద్దరు కారు. పలువురు ఆడవాళ్ళ నోట వినే సంగతులను ఒకచోట కలిపి చెబుతున్నాను, అందుకే పేర్లు పెట్టలేదు. ఇద్దరూ గుంటూరులో డిగ్రీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ చదివారు. 2009 నుంచి 2014 దాకా హాస్టల్లో ఒకటే గది. ఒకామె ఇప్పుడు తెనాలిలో ఉంటూ, బస్సులో వెళ్ళివచ్చే ఊళ్ళో టీచరుగా పనిచేస్తోంది. రెండో ఆమె 2015లో పెళ్ళి చేసుకుని డాలస్ వెళ్ళింది. ఇవాళ్టికి వాళ్ళ మధ్య మిగిలింది ఏడాదికి రెండు మూడు మెసేజీలు. టీచరు మనసులో ఉన్న తీర్మానం ఇది: "నాలోనే ఏదో లోపముంది. దగ్గరివాళ్ళెవరూ నా దగ్గర నిలవరు."

హాస్టల్ రోజులను కాస్త లెక్కగా చూడండి. క్లాసులూ నిద్రా తీసేసినా రోజుకు నాలుగు గంటలు ఇద్దరూ కలిసే ఉండేవాళ్ళు. మెస్సులో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడటం, బట్టలుతకడం, కాలేజీకి నడవడం, పరీక్షల ముందు ఒకరు చదివితే ఇంకొకరు వినడం. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జెఫ్రీ హాల్ 2018లో ఒక పరిశోధన వెలువరించాడు. ముఖపరిచయం ఒక మోస్తరు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, స్నేహితులం అనుకోవడానికి 90 గంటలు, ప్రాణస్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వచ్చిందని అందులో తేలింది. అవి సగటు అంచనాలు, కొలబద్ద కాదు. అయినా మన ఇద్దరమ్మాయిలు ఆ 200 గంటలను యాభై రోజుల్లో దాటేశారు. అయిదేళ్ళలో అలాంటి గంటలు వేలల్లో పోగుపడ్డాయి. వాటిలో ఒక్క గంటనైనా స్నేహం కోసమని ఎవరూ ప్రత్యేకంగా కేటాయించలేదు. గది ఇచ్చింది, మెస్సు ఇచ్చింది, టైంటేబులు ఇచ్చింది.

ఇది కొత్త విషయమేం కాదు. 1950లో లియోన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు ఎంఐటీ విద్యార్థుల కుటుంబాలుండే వెస్ట్‌గేట్ ఇళ్ళ మీద చేసిన అధ్యయనాన్ని అచ్చువేశారు. అక్కడ ఎవరికి ఏ ఇల్లు రావాలన్నది వాళ్ళ ఎంపిక కాదు, ఖాళీ అయినదాన్ని ఇచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు మీ స్నేహితులెవరని అడిగితే, ఎక్కువమంది చెప్పింది పక్క గుమ్మం వాళ్ళ పేర్లే. మూడు నాలుగు గుమ్మాల అవతలున్నవాళ్ళ పేర్లు అంత ఎక్కువగా రాలేదు. మెట్ల దగ్గర, టపా పెట్టెల దగ్గర రోజూ ఎదురుపడేవాళ్ళకు స్నేహితులు ఎక్కువ. మనసులు కలవడం ముఖ్యం కాదని దీని అర్థం కాదు. మనసులు కలవడానికి ముందు మనుషులు ఎదురుపడాలి, కలిశాక కూడా ఎదురుపడుతూ ఉండాలి. పందిరి మీద పాకిన తీగను చూసినప్పుడు మన కళ్ళు పువ్వుల మీదే ఉంటాయి, పందిరి కనిపించదు. 2014లో హాస్టల్ ఖాళీ చేసిన రోజున ఆ ఇద్దరి కింద నుంచీ పందిరి తీసేశారు. అది వాళ్ళకు తెలియలేదు, ఎందుకంటే తీగ ఇంకా పచ్చగానే ఉంది.

ఆ తర్వాత జరిగింది ఎవరి మనసులోనో కాదు, గడియారంలో జరిగింది. డాలస్‌లో చలికాలం రాత్రి తొమ్మిదైతే తెనాలిలో మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. టీచరు బస్సుకు పరుగెత్తే వేళ. టీచరు పనులన్నీ ముగించుకుని రాత్రి తొమ్మిదికి మంచమెక్కితే అక్కడ ఉదయం తొమ్మిదిన్నర, ఆఫీసు మీటింగు మొదలయ్యే వేళ. ఇద్దరికీ కుదిరేది డాలస్ శనివారం రాత్రి, అంటే తెనాలి ఆదివారం ఉదయం. అత్తవారింట్లో ఆదివారం ఉదయమంటే ఎలా ఉంటుందో తెలుగింటి కోడలికి చెప్పనక్కర్లేదు. మొదటి ఏడాది అయినా సరే వారానికో గంట మాట్లాడుకున్నారు. అంటే ఏడాదికి యాభై గంటలు. హాస్టల్లో అది రెండు వారాల లోపు సంగతి.

గంటలు తగ్గడంతో పాటు ఇంకొకటి జరిగింది. నా దృష్టిలో ఈ విషయంలో కీలకమైనది అదే. మాట్లాడుకునే మాటల స్వభావం మారిపోయింది. రోజూ కనిపించే మనిషితో ఇవాళ పప్పు అడుగంటిందని చెబుతాం. మూడు నెలలకు ఫోన్ చేసినవాళ్ళతో చెప్పం. అంతకాలం తర్వాత దొరికిన గంటలో పప్పు సంగతేంటని మనకే అనిపిస్తుంది. కాబట్టి ముఖ్యమైనవి చెబుతాం: పిల్లాడు ఏ క్లాసు, మామయ్యగారికి షుగరు ఎంతుంది, ఇల్లు ఎంతవరకు వచ్చింది. అవతల నుంచీ అవే వస్తాయి. అవి బంధువులకు చెప్పే కబుర్లు. దగ్గరితనం ముఖ్యమైన వార్తల్లో ఉండదు, పనికిరాని వివరాల్లో ఉంటుంది. ఆ వివరాలు ఆగిపోయాక ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ ఇద్దరికీ ఏదో వెలితిగా ఉంటుంది. "అది మారిపోయింది" అని ఒకరు అనుకుంటారు. "నేను దానికి విసుగైపోయాను" అని రెండోవారు అనుకుంటారు. నిజానికి మారింది ఫోన్లకూ ఫోన్లకూ మధ్యనున్న ఎడం.

మనుషులు దూరమైతే ఏమవుతుందన్నది బ్రిటన్‌లో శామ్ రాబర్ట్స్, రాబిన్ డన్‌బార్ కాస్త ఓపికగా గమనించారు. స్కూలు ముగించి యూనివర్సిటీకో ఉద్యోగానికో వెళ్ళిన ముప్ఫైమంది యువతీయువకులను 18 నెలల పాటు అనుసరించారు. బంధుత్వాలు కలవకపోయినా పెద్దగా చెక్కుచెదరలేదు. స్నేహాలు మాత్రం సంబంధాలు నడపకపోతే నెలల్లోనే పలచబడ్డాయి. అంతకంటే ఆసక్తికరమైంది ఇంకోటి. ఆడపిల్లల స్నేహాలను కాస్తయినా నిలబెట్టింది మాటలు. మగపిల్లల విషయంలో మాటలు అంతగా పనిచేయలేదు, కలిసి ఏదో ఒకటి చేయడమే పనిచేసింది. మన ఊళ్ళలో మగవాళ్ళను చూస్తే ఇది అర్థమవుతుంది. క్రికెట్టు, టీ కొట్టు, సెకండ్ షో ఉన్నంతకాలం ప్రాణమిచ్చే స్నేహం, ఒకరు దుబాయ్‌కో బెంగళూరుకో వెళ్ళగానే "ఏరా, ఎలా ఉన్నావ్", "బానే ఉన్నా" దగ్గర ఆగిపోతుంది. వాళ్ళకు బాధ లేక కాదు. ఆ బాధను చెప్పుకునే అలవాటు వాళ్ళకు ఆడవాళ్ళకున్నంత కూడా లేదు.

మన పాత ఏర్పాట్లలో దీనికొక ఆసరా ఉండేదని నాకు అనిపిస్తుంది. తెలంగాణలో బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. కోస్తాలో సంక్రాంతికి వస్తారు, అట్లతద్దికి తెల్లవారకముందే లేచి ఊళ్ళో ఆడపిల్లలంతా ఉయ్యాలలూగడం ఉండేది. ఒకే ఊళ్ళో పెరిగి వేరే ఊళ్ళకు కోడళ్ళుగా వెళ్ళినవాళ్ళు, ఎవరూ ఎవరినీ పిలవకుండానే, ఏడాదికోసారి ఒకే చోటికి చేరేవాళ్ళు. కలిసి పువ్వులు పేర్చేవాళ్ళు, గోరింటాకు నూరేవాళ్ళు. హాస్టల్ స్నేహానికి ఆ పుట్టిల్లు లేదు. ఒకమ్మాయి నరసరావుపేట, ఇంకో అమ్మాయి బాపట్ల. పండగకు ఇద్దరూ పుట్టిళ్ళకే వచ్చినా వేర్వేరు ఊళ్ళలో ఉంటారు. కలవాలంటే ఎవరో ఒకరు ఇంట్లో అడిగి, బస్సెక్కి, ఒక రోజును ప్రత్యేకంగా తీయాలి. పెళ్ళయిన ఆడది "నా ఫ్రెండును చూసొస్తాను" అని పండగ రోజుల్లో అడగడం ఎన్ని ఇళ్ళలో సులువో మీకే తెలుసు.

ఇంతవరకూ ఎక్కడా నేరస్థులు లేరు. అయినా మనసు ఒప్పుకోదు. ఎందుకని?

ఒక కారణం ఆ నష్టానికున్న తీరు. అమెరికాలోని పాలిన్ బాస్ అనే కుటుంబ చికిత్సకురాలు 1970ల్లో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన పైలట్ల కుటుంబాలతో పనిచేసింది. మనిషి పోయాడని ఏడవడానికీ లేదు, వస్తాడని ఎదురుచూడటానికీ లేదు. ఇలాంటి తేలని నష్టం మరణం కంటే మనిషిని ఎక్కువకాలం కట్టిపడేస్తుందని ఆమె గమనించింది. స్నేహం పలచబడటం ఆ కుటుంబాల కష్టంతో సాటి కాదు, కాని తేలకపోవడం మాత్రం అలాంటిదే. స్నేహితురాలు బతికే ఉంది. శత్రువు కాలేదు. వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. మన స్టేటస్ చూసినవాళ్ళ జాబితాలో ఆమె పేరూ ఉంది. చూసింది, మాట్లాడలేదు. ఇది రోజూ జరుగుతుంది. ముగిసిందని చెప్పేవాళ్ళు లేని చోట మనసు తనే ఒక ముగింపు రాసుకుంటుంది, దానికి ఒక దోషి కావాలి. చేతికి అందుబాటులో ఉన్న దోషి మనమే.

ఇంకో కారణం వినడానికి వింతగా ఉంటుంది. నిందించుకోవడంలో ఒక ఆశ దాగి ఉంది. తప్పు నాదైతే దిద్దుకోగలను, అది నా చేతిలో ఉంది. ఎవరి తప్పూ లేకుండా పోయిందంటే మళ్ళీ పోవచ్చు, నేను ఆపలేను. ఆ నిస్సహాయత కంటే నింద నయమనిపిస్తుంది. రానీ జానాఫ్-బుల్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1979లో ఈ స్వీయనిందను రెండుగా విడదీసింది. "నేను ఫలానా పని చేశాను" అనుకోవడం ఒకటి. "నేను ఇలాంటి మనిషిని" అనుకోవడం రెండోది. మొదటిది ఒక పనిని పట్టుకుంటుంది, కాబట్టి దానితో ఏదైనా చేయవచ్చు: క్షమాపణ చెప్పవచ్చు, ఇకమీదట జాగ్రత్తపడవచ్చు. రెండోది మొత్తం మనిషిని పట్టుకుంటుంది. దానితో చేయగలిగేది ఏమీ లేదు, కుంగిపోవడం తప్ప. స్నేహం పలచబడ్డప్పుడు జరిగే పొరపాటు ఏమిటంటే, పని ఏదీ కనపడక నేరుగా రెండోదానికి వెళ్ళిపోతాం. మన టీచరు చేసింది అదే.

దీనికి నేను చెప్పగలిగిన మందు కాగితం మీద లెక్క. మనసులో కాదు, కాగితం మీదే. ఎడమవైపు సంవత్సరం, మధ్యలో ఆ ఏడు నా ఇంట్లో ఏం జరిగింది, కుడివైపు ఆమె ఇంట్లో నాకు తెలిసినంతలో ఏం జరిగింది. టీచరు రాసినప్పుడు ఇలా వచ్చింది. 2015: ఆమె పెళ్ళి, ప్రయాణం, ఇక్కడ నాకు ఉద్యోగం. 2017: అక్కడ పాప పుట్టింది, ఆ ఏడు మాట్లాడింది నాలుగైదుసార్లు. 2018: ఇక్కడ అత్తగారికి పక్షవాతం, రెండేళ్ళు మంచం. 2020: కరోనా, ఇద్దరికీ ఇంట్లోనే అన్నీ. 2021 మే: ఆమె నాన్నగారు కరోనాతో పోయారు, ఆమె రాలేకపోయింది. ఇక్కడ టీచరు చేయి ఆగింది. ఆ నెలలో తన ఇంట్లో కూడా నలుగురూ జ్వరాలతో పడి ఉన్నారు. ఆమె ఒక మెసేజీ పెట్టింది. ఫోన్ చేయలేదు. నెల గడిచాక ఇంత ఆలస్యంగా ఏ ముఖంతో చేయాలనిపించింది. ఆరు నెలలయ్యాక ఇక అసలే చేయలేకపోయింది.

ఈ పట్టికలో రెండు సంగతులు తేలాయి. 2017 నాటికే ఫోన్లు తగ్గిపోయాయి, అంటే 2021లో జరిగింది దూరానికి మొదలు కాదు. రెండోది, 2021లో ఒక పని నిజంగా చేయకుండా పోయింది. దాన్ని "నాలో లోపముంది" అన్న పెద్ద మూటలో కలిపేస్తే ఎన్నటికీ తీరదు. విడిగా తీస్తే దానికి కొలత ఉంటుంది: ఒక ఫోన్. అది చేయనందుకు ఒక క్షమాపణ బాకీ. అంతే, అంతకంటే ఎక్కువ కాదు, తక్కువా కాదు. స్వీయనింద వద్దనడమంటే చేసిన తప్పును కూడా దాటేయమని కాదు.

ఆలస్యమయ్యేకొద్దీ బరువు పెరగడం మాత్రం ఆమె ఒక్కదాని సమస్య కాదు. కెనడాలోని లారా ఆక్నిన్, బ్రిటన్‌లోని గిలియన్ శాండ్‌స్ట్రామ్ 2024లో వెలువరించిన పరిశోధనలో, మాట్లాడాలని కోరిక ఉన్న పాత స్నేహితుల పేర్లు చెప్పమన్నారు. వాళ్ళ చిరునామాలున్నాయి, ఆ స్నేహితులు కూడా సంతోషిస్తారన్న నమ్మకముంది, మెసేజీ రాయడానికి సమయం కూడా అక్కడే ఇచ్చారు. అయినా మూడోవంతు మంది కూడా పంపలేదు. పాత స్నేహితులకు రాయడమన్నా, కొత్తవాళ్ళతో మాట కలపడమన్నా దాదాపు ఒకే స్థాయిలో జంకారు. కాబట్టి అటువైపు మౌనాన్ని అయిష్టంగా చదివే ముందు, మన మౌనం అటువైపు ఎలా కనిపిస్తోందో ఒకసారి తలచుకోవాలి.

టీచరు చివరికి రాసింది ఇది: "నాన్నగారు పోయినప్పుడు నేను ఫోన్ చేయాల్సిందే. మా ఇంట్లోనూ అందరం పడిపోయాం కానీ, ఆ సంగతైనా నీకు చెప్పలేదు. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. దీనికి నువ్వు జవాబు రాయకపోయినా పర్లేదు. ఎలా ఉన్నావో అని తలచుకుంటూనే ఉంటాను." ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఫలానా తప్పు అని పేరు పెట్టింది, సాకును సాకుగానే చెప్పింది, తిరిగి ఏమీ అడగలేదు. "నువ్వెందుకు మాట్లాడటం మానేశావు" అని ఉంటే అది క్షమాపణ అయ్యేది కాదు, విచారణ అయ్యేది.

రెండు రోజులకు జవాబొచ్చింది: "అప్పుడు ఎవరు చేశారో ఎవరు చేయలేదో కూడా నాకు గుర్తులేదే. నువ్వది పట్టుకు కూర్చున్నావా ఇన్నాళ్ళూ!" ఆ ఆదివారం గంటంబావు మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు, నవ్వుకున్నారు. మళ్ళీ మూడు నెలలు ఏమీ లేదు. టీచరు ఇంకోసారి రాసింది, పొడిగా ఒక వాక్యం జవాబుగా వచ్చింది. కథలో అయితే ఆ గంటంబావు దగ్గర ఆపేస్తారు. నిజ జీవితంలో చాలాసార్లు జరిగేది ఇదే: అపార్థం తొలగిపోతుంది, పాత స్నేహం మాత్రం తిరిగిరాదు. ఎందుకంటే దాన్ని ఆపింది అపార్థం కాదు.

ఇక ఎన్నిసార్లు ప్రయత్నించాలి? నా అభిప్రాయం, కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు. ఆ జవాబుల్లో చూడాల్సింది పొడవు కాదు, ప్రశ్నలు. "నువ్వెలా ఉన్నావు, ఆ సంగతి ఏమైంది" అని తిరిగి అడుగుతోందా? దేశం వచ్చినప్పుడు చెబుతోందా? విలియం రాలిన్స్ అనే అమెరికన్ పండితుడు స్నేహాలు మూడు స్థితుల్లో ఉంటాయంటాడు: నడుస్తున్నవి, నిద్రలో ఉన్నవి, జ్ఞాపకంగా మిగిలినవి. అడిగే ప్రశ్నలుంటే అది నిద్రలో ఉందనుకోవచ్చు, పరిస్థితులు మారితే లేవవచ్చు. మర్యాద తప్ప ఏమీ లేకపోతే అది జ్ఞాపకంగా మారింది. అలా మారినందువల్ల పాత అయిదేళ్ళు అబద్ధమైపోవు. "అప్పుడు కూడా నన్ను నిజంగా ఇష్టపడలేదేమో" అని వెనక్కి వెళ్ళి తవ్వుకునేవాళ్ళుంటారు. ఆ తవ్వకానికి ఆధారం ఏమీ ఉండదు. హాస్టల్లో జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్న మనిషి నిజంగానే మేలుకుంది.

ఇక్కడి నుంచి మిగిలింది దుఃఖం. దీనికి సమాజం గుర్తింపు ఇవ్వదు కాబట్టి మనమే ఇచ్చుకోవాలి. కెనెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో దీని గురించే పుస్తకం తెచ్చాడు: లోకం దుఃఖంగా ఒప్పుకోని దుఃఖం లోపలే ఉండిపోయి మరింత కాలం బాధిస్తుందని. కాబట్టి మొదటి పని ఒక్క మనిషికైనా చెప్పడం. ఎవరికి చెప్పాలో జాగ్రత్తగా ఎంచుకోండి, ముందే అడగండి: "సలహా ఏమీ వద్దు వదినా, కాసేపు విను చాలు."

చెప్పేటప్పుడు, లేదా రాసుకునేటప్పుడు, ఏం పోయిందో విడివిడిగా చెప్పుకోవడం మేలు. "స్నేహం పోయింది" అంటే మనసుకు అందదు. టీచరుకు పోయినవి ఏమిటి? పంతొమ్మిదేళ్ళప్పుడు తను ఎలా ఉండేదో చూసిన ఒకే ఒక మనిషి. పెళ్ళికి ముందు తనకున్న ఆ అల్లరి పేరుతో పిలిచే గొంతు. భర్త గురించి ఫిర్యాదు చేసినా ఆయన్ను చెడ్డవాడనుకోని చెవి. మూడోదాన్ని రాశాకే తనకు ఇంత నొప్పి ఎందుకో ఆమెకు అర్థమైంది. అమ్మకు చెబితే కంగారుపడుతుంది, చెల్లెలికి చెబితే మనసులో పెట్టుకుంటుంది. ఆ చోటు నిజంగానే ఖాళీ అయింది.

రాయడం విషయంలో ఒక పద్ధతి ఉంది. జేమ్స్ పెన్నబేకర్ 1986లో శాండ్రా బీల్‌తో కలిసి ప్రకటించిన ప్రయోగంలో విద్యార్థులను వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంగతి గురించి మనసు విప్పి రాయమన్నాడు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు డాక్టరు దగ్గరకు వెళ్ళడం మిగతావాళ్ళ కంటే తగ్గింది. ఆ తర్వాత జరిగిన ప్రయోగాలలో ఫలితం ఒక్కోసారి చిన్నదిగానే కనిపించింది, అందరికీ పనిచేయదు కూడా. ప్రయత్నించాలంటే నాలుగు రోజులు చాలు. పంపని ఉత్తరంలా ఆమెను ఉద్దేశించి రాయవచ్చు. నాలుగో రోజు కూడా మొదటి రోజు రాసిన వాక్యాలే వస్తుంటే ఆపేయండి. అప్పుడది దుఃఖం కాదు, నెమరువేత.

ఆ రెంటికీ తేడా పట్టుకోవడం ముఖ్యం, పైకి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి. దుఃఖంలో స్నేహితురాలు ఉంటుంది: ఆమె నవ్వు, ఆమె పెట్టిన పేర్లు, మెస్సులో దొంగిలించిన అరటిపండు. ఏడుపు వస్తుంది, ఒక్కోసారి నవ్వూ వస్తుంది, కాసేపటికి అల తగ్గుతుంది. నెమరువేతలో ఆమె ఉండదు. నేను, నా మీద ఒక ఛార్జిషీటు, అంతే. అరగంట ఆలోచించాక కొత్త జ్ఞాపకం కాని, కొత్త అవగాహన కాని ఒక్కటైనా వచ్చిందా అని చూసుకోండి. రాకపోతే లేచి వేరే పని చేయడం తప్పించుకోవడం కాదు, సరైన పని. నెమరువేతకు రోజూ మేత వేసేది ఫోన్. ఆమె స్టేటస్ మన కంటపడకుండా మ్యూట్ చేయడం పగ కాదు, ఆమెకు తెలియనూ తెలియదు. ఫోటోలు తీసేయనక్కర్లేదు. అవి మనం కావాలని చూసేవి. స్టేటస్ మనం సిద్ధంగా లేనప్పుడు కంటపడేది.

ఇంకో హద్దు కూడా చెప్పాలి. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువభాగం దిగులుగానే ఉండటం, నిద్ర, ఆకలి దెబ్బతినడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, బతికి ఏం లాభమనిపించడం ఉంటే అది ఒక స్నేహం పోయిన బాధ మాత్రమే కాకపోవచ్చు. డిప్రెషన్ కావచ్చు. డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

టీచరు జీవితంలో ఇప్పుడు ఇంకో మనిషి ఉంది. అదే స్కూల్లో లెక్కలు చెప్పే ఆమె. ఇద్దరూ రోజూ ఒకే బస్సులో, పోను రాను కలిపి గంట. బడి పనిదినాలు ఏడాదికి రెండొందలకు పైనే కాబట్టి, హాల్ లెక్కన ప్రాణస్నేహానికి కావలసిన గంటలు ఒక ఏడాదిలో పోగుపడతాయి. ఆమె పాత స్నేహితురాలి చోటులోకి రాదు, రావాలని చూడటం ఆమెకు కూడా అన్యాయమే. హాస్టల్ పేరు ఆమెకు తెలియదు. కాని పప్పు అడుగంటిన సంగతి చెప్పగలిగేది ఇప్పుడు ఆమెకే.

డాలస్ స్నేహితురాలు ఎప్పుడైనా వస్తే? సంక్రాంతికి వస్తోందని బ్యాచ్ గ్రూపులో తెలిస్తే టీచరు మామూలుగా అడగవచ్చు: "గుంటూరు వస్తే ఒక పూట నాకుంచవే." కుదిరితే మొదటి అరగంట కబుర్లన్నీ నివేదికల్లాగే ఉంటాయి, అది సహజం, దానికే నీరుకారిపోకూడదు. పాత లెక్కలు తీయకుండా, ఇద్దరూ కలిసి ఏదైనా చేయడం మంచిది: హాస్టల్ ఉన్న వీధిలో నడవడం, పాత చోట టిఫిన్ తినడం, ఒకరి చీర ఇంకొకరు ఎంపిక చేయడం. ఆమె తిరిగి వెళ్ళాక మళ్ళీ నెలల తరబడి మౌనం రావచ్చు. అది కొత్తగా జరిగిన అవమానం కాదు. డాలస్‌కూ తెనాలికీ మధ్య ఆ పదకొండున్నర గంటల తేడా అలాగే ఉంది.